అచ్చుతప్పు ఆనవాలు కాదు

"అమ్మా నేనే. ఫోన్ కింద పడి పోయింది, ఇది ఫ్రెండ్ నంబరు. మైక్ పన్జేయట్లే, కాల్ చెయ్యకు. అర్జంటుగా 18 వేలు కవాలి, సాయత్రం వేసేస్తా." చివర రెండు దండం బొమ్మలు. దూరాన చదువుకుంటున్న కొడుకు పేరుతో ఇలాంటి మెసేజి వస్తే తల్లి కన్ను ముందు అంకె మీద పడదు. 'కావాలి'లో ఎగిరిపోయిన దీర్ఘం, 'సాయంత్రం'లో జారిపోయిన సున్నా ఆమెకు కంగారులో ఉన్న కొడుకు వేళ్లను చూపిస్తాయి. మోసగాడైతే ఇంత గజిబిజిగా ఎందుకు రాస్తాడనుకుంటుంది. ఆ నమ్మకంతోనే ఫోన్‌పే తెరుస్తుంది.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడానికి అందరూ పాటించే నియమాలు లేవు కాబట్టి ఎవరి దారి వారిదైంది. 'త'కు ఒకరు టీ ఒక్కటే కొడతారు, మరొకరు పక్కన హెచ్ తగిలిస్తారు. దీర్ఘానికి ఒకరు 'ఏ' అక్షరాన్ని రెండుసార్లు నొక్కుతారు, ఇంకొకరికి ఆ ఊసే ఉండదు. 'సరే'ను ఒక్క అక్షరానికి కుదించేవారున్నారు, ప్రతి వాక్యం చివరా మూడు చుక్కలు పెట్టే పెద్దవాళ్లున్నారు, చావు కబురుకూ పెళ్లి కబురుకూ ఒకే దండం బొమ్మ పెట్టే బాబాయిలున్నారు. ఏళ్ల తరబడి చదివి చదివి, పేరు చూడకుండానే ఇది ఫలానావాళ్లు రాసిందని చెప్పగలిగే స్థితికి వచ్చాం. గొంతును గుర్తుపట్టినట్టే రాతనూ గుర్తుపడుతున్నాం. ప్రమాదమంతా ఇక్కడే ఉంది. తెరమీద రాతకు గొంతుకున్నంత కాపలా కూడా లేదు.

తప్పు చేస్తే మనిషిలా కనబడొచ్చన్న సంగతి యంత్రాలను ఊహించినవాళ్లకు మొదటినుంచీ తెలుసు. అలన్ ట్యూరింగ్ 1950లో 'మైండ్' పత్రికలో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఒక నమూనా సంభాషణ ఉంది. 34957కు 70764 కలపమని అడిగితే, అవతలివారు సుమారు 30 సెకన్లు ఆగి 105621 అంటారు. అసలు మొత్తం 105721. అదే వ్యాసంలో ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు: యంత్రం లెక్కల్లో ఎప్పుడూ సరిగ్గా చెబితే పట్టుబడిపోతుంది కాబట్టి, అడిగేవారిని తికమకపెట్టేందుకు కావాలనే తప్పులు చొప్పిస్తుంది. చాట్ అనేదే లేని రోజుల్లో, ఆగడమూ తడబడడమూ వేషంలో భాగమని ఆయన గ్రహించాడు.

ఆ వేషం ఇప్పుడు ఎంత బాగా కుదురుతోందో 2025లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు వెల్లడించిన ఫలితాల్లో చూడొచ్చు. ఒక్కో పరీక్షకుడు అయిదు నిమిషాలపాటు ఒక మనిషితోనూ, ఒక యంత్రంతోనూ చాట్ చేసి, ఎవరు మనిషో చెప్పాలి. పెద్దగా మాట్లాడని, ఇంటర్నెట్ యాస తెలిసిన కుర్రాడిలా ఉండమని చెప్పినప్పుడు జీపీటీ-4.5ను 73 శాతం సార్లు మనిషిగా ఎంచారు. ఆ వేషం వేయమని చెప్పనప్పుడు అదే యంత్రానికి దక్కింది 36 శాతం. రెండుసార్లూ తెలివి ఒక్కటే. మారింది రాసే తీరు. మనం మనిషితనమని నమ్ముతున్నది చాలావరకు ఆ తీరునే అని ఈ తేడా చెబుతోంది.

ఒక ఇంటి మనిషి రాతను కొట్టెయ్యడానికి ఏం కావాలి? ఆ మనిషి పంపిన కొన్ని పదుల మెసేజీలు చాలు. అవి దొరకడం కష్టం కాదు. పెద్ద గ్రూపులో ఉంటే అక్కడే కనిపిస్తాయి. మాయమాటలతో వాట్సాప్ లింకింగ్ కోడ్ రాబడితే పాత సంభాషణలు కూడా మోసగాడి తెరమీదికి వచ్చేస్తాయి. వాటిని భాషా నమూనాకిచ్చి ఇదే తీరులో రాయమంటే, దీర్ఘాలు ఎక్కడ మింగుతారో, తల్లిని ఏమని పిలుస్తారో, ఏ బొమ్మ ఎక్కడ పెడతారో పట్టుకుని అలాగే రాస్తుంది. అచ్చుతప్పులకైతే అంత హంగామా కూడా అక్కర్లేదు. కీబోర్డులో ఏ అక్షరం పక్కన ఏది ఉందో ఒక పట్టిక ఇచ్చి, అప్పుడప్పుడూ పక్క అక్షరం పడేలా చేసే చిన్న ప్రోగ్రామును కాలేజీ కుర్రాడు రాయగలడు. "టైపింగ్" అని చూపిస్తూ కాసేపు ఆగడం, తప్పుగా పంపి వెంటనే నక్షత్రం గుర్తుతో దిద్దుకోవడం కూడా చెబితే చేసే పనులే.

కొన్నాళ్ల కిందట ఇలాంటి నకిలీ ఎక్కడో ఒకచోట అతుకు చూపేది. తప్పులు లెక్కపెట్టి చల్లినట్టు సమానంగా పడేవి, యాస ఒక వాక్యంలో ఉండి రెండోదానిలో మాయమయ్యేది. ఇప్పటికీ గమనించదగ్గ ఆనవాలు ఒకటుంది. మాటలన్నీ తప్పులతడకగా ఉన్నా, డబ్బు వేయాల్సిన ఖాతా నంబరు, యూపీఐ ఐడీ మాత్రం పొల్లు పోకుండా ఉంటాయి. అయితే నిజంగా అవసరంలో ఉన్న కొడుకు కూడా నంబరు జాగ్రత్తగానే కొడతాడు కదా. దాన్ని బట్టి తీర్పు చెప్పలేం. ఈ వారం పనికొచ్చిన ఆనవాలును వచ్చే వారం మోసగాడు సరిచేసుకుంటాడు. నకిలీని పసిగట్టే నేర్పు మాకుందన్న ధీమా పెరిగేకొద్దీ నష్టమే ఎక్కువ.

2023 జులైలో కోజికోడ్‌లో జరిగింది గుర్తుచేసుకోవాలి. కోల్ ఇండియాలో పనిచేసి రిటైరైన ఒకాయనకు, తనతో పనిచేసిన ఆంధ్ర మిత్రుడి పేరుతో వాట్సాప్ మెసేజీలొచ్చాయి. మొదట కుటుంబం యోగక్షేమాలు, ఫొటోలు. నమ్మకం కుదిరాక బంధువు ఆపరేషన్‌కు 40 వేలు అడిగారు. ఆయన అనుమానిస్తే కొన్ని సెకన్ల వీడియో కాల్‌లో మిత్రుడి ముఖం కనబడింది. పంపేశాడు. మళ్లీ 35 వేలు అడిగేసరికి సందేహమొచ్చి, తన దగ్గరున్న పాత నంబరుకు ఫోన్ చేశాడు. అసలు మిత్రుడికి ఏమీ తెలియదు. ఈ ఉదంతంలో అందరూ నకిలీ ముఖం గురించి మాట్లాడారు. ఆ ముఖం కనిపించింది కొన్ని సెకన్లే. ఆయన మనసును మెత్తబరిచి ఉంచింది అంతకుముందు సాగిన పలకరింపుల రాత. ఆయనకు దారి చూపింది మాత్రం ఆ పాత నంబరు.

ఇంకో నష్టం చడీచప్పుడూ లేకుండా జరుగుతోంది. గజిబిజి మనిషి గుర్తయితే, శుభ్రత యంత్రం గుర్తవుతుంది. ఒత్తులూ పొల్లులూ సరిచూసుకుని పంపే టీచరమ్మ మెసేజీని, అక్షరం పొల్లుపోకుండా రాసే కుర్రవాడి ఉత్తరాన్ని "ఇది నువ్వే రాశావా?" అని అనుమానించే రోజులొచ్చాయి. శ్రద్ధగా రాసేవాళ్లు తాము మనుషులమని నిరూపించుకోవడానికి తప్పులు చేయాల్సి రావడం ఏ భాషకూ మేలు కాదు.

డబ్బు, ఓటీపీ, కాగితాలు అడిగే ఏ మెసేజీ విషయంలోనైనా రాతను పరీక్షించడం మానేసి దారిని పరీక్షించాలి. మెసేజి వచ్చిన నంబరుకు కాకుండా, మన దగ్గర ముందే ఉన్న నంబరుకు ఫోన్ చేయాలి. అది కలవకపోతే రూమ్మేటుకో, హాస్టల్‌కో చేయాలి. "కాల్ చెయ్యకు" అన్న మాటే కాల్ చేయడానికి కారణం కావాలి. ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు ఒక గుట్టుమాట అనుకోవాలి. పెంపుడు కుక్క పేరు, పుట్టినరోజు లాంటివి పాత చాట్లలో దొరుకుతాయి కాబట్టి పనికిరావు. ఆ మాటను ఎప్పుడూ ఫోన్‌లో టైపు చేయకూడదు. అడిగితే కొడుకు నొచ్చుకుంటాడని తల్లి మొహమాటపడకుండా, "డబ్బడిగితే ముందు ఆ మాట అడుగమ్మా" అని కొడుకే ముందుగా చెప్పిపెట్టాలి.

డబ్బు పోయిందని తెలిస్తే పరువుకు భయపడి రేపటిదాకా ఆగొద్దు. 1930కి వెంటనే ఫోన్ చేసి, లావాదేవీ నంబరు చెప్పి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టాలి. కోజికోడ్‌లో పోలీసులు ఆ సొమ్మును ఆపించగలిగారు. ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటుకుంటూ పోయాక ఆపడం ఎవరి తరమూ కాదు.