గ్యారంటీ కాదు, లెక్క అడగండి
పలాస జీడిపప్పు షావుకారు ఒకరికి, ఆయనతో పాటు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫోన్ యాడ్‌లకు డబ్బు పెడుతున్న ప్రతి వ్యాపారికీ బహిరంగ లేఖ

షావుకారు గారూ,

దీపావళి యాడ్‌ల లెక్క పట్టుకొచ్చిన మా కుర్రాణ్ణి కొట్టు ముందు నిలబెట్టి, ‘ఏజెన్సీలన్నీ దొంగలే’ అన్నారు. నలుగురిలో అన్న మాటకు నలుగురిలోనే జవాబు చెప్పాలి గదా. అందుకే ఈ కాగితం అచ్చు వేయించి కాశీబుగ్గ నుంచి విజయనగరం గంటస్తంభం దాకా పంచుతున్నాను. మీ పేరు రాయడం లేదు.

300 పార్సిళ్లకు ఆర్డర్లు వస్తాయని చెప్పాను. 112 వచ్చాయి. ఇందులో దాచేదేమీ లేదు. ఈ తేడా ఎక్కడిదో చెబుతాను.

యాడ్ నొక్కితే వాట్సాప్ తెరుచుకునేలా పెట్టాం. 60 వేలు ఖర్చయింది, 1,500 మంది మాట కలిపారు. మనిషికి 40 రూపాయలు. మేం ముందే వేసుకున్న అంచనా అదే. దసరా, దీపావళి రోజుల్లో పెద్ద ఆన్‌లైన్ కంపెనీలు యాడ్‌ల వేలంలో దిగి రేట్లు పెంచేస్తాయని మా వృత్తిలో అందరం చెప్పే సాకు ఒకటుంది. అది అబద్ధం కాదు, కానీ ఈసారి మనకు వర్తించదు. మనుషులు అనుకున్న రేటుకే దొరికారు. వాళ్లు కొనకుండా ఎందుకు వెళ్లిపోయారన్నదే ప్రశ్న.

ఆ 1,500 సంభాషణలూ కూర్చుని చదివాం. సుమారు 400 మనకు పనికిరానివి. ‘ముందు మన చుట్టుపక్కల చూడండి’ అని మీరన్నారు, పలాస చుట్టూ 80 కిలోమీటర్ల వృత్తం గీశాం. మ్యాపు తీసి చూడండి. ఆ వృత్తంలో పెద్ద ముక్క సముద్రం. ఇంకో పెద్ద ముక్క ఒడిశా. పర్లాకిమిడి, బరంపురం రెండూ లోపలే ఉన్నాయి. అక్కడ తెలుగు వచ్చినవాళ్లకు కొదవ లేదు, కానీ అక్కడి నుంచి మనకు రాసినవాళ్లలో ఎక్కువ మంది చిల్లర కొట్లవాళ్లు. అడిగింది హోల్‌సేల్ రేటు. ఇక టెక్కలి, సోంపేట వాళ్లకు పార్సిల్ దేనికి? బస్సెక్కి కాశీబుగ్గలో దిగి కొనుక్కుంటారు. మీ పార్సిల్ కావలసినవాడు హైదరాబాద్‌లోనో గాజువాకలోనో ఉన్న సిక్కోలు మనిషి. వాడికి మన యాడ్ కనపడనే లేదు.

మరో 500 మంది రాత్రి ఎనిమిది దాటాక రాశారు. ఉద్యోగం చేసుకునేవాడు భోంచేసి పడుకునే ముందే ఫోన్ చూస్తాడు. మీ గుమస్తా మర్నాడు పదకొండుకు, సరుకు తూకాలయ్యాక జవాబిచ్చాడు. ఆ 500లో కొన్నది 20 మంది. మిగతా 600 మందికి గంటలోపు జవాబు వెళ్లింది. వాళ్లలో 92 మంది కొన్నారు. సరుకు అదే, ధర అదే. ఒక చోట ఆరుగురికి ఒకరు, మరో చోట పాతికమందికి ఒకరు.

గంటలో వెళ్లిన ఆ జవాబైనా ఎలా ఉంది? దళారులకు పంపే రేట్ల పట్టీనే ఇంటి ఇల్లాలికీ పంపారు. డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320, పది కిలోల డబ్బా ధర. పౌనుకు తూగే పప్పుల సంఖ్య అదని, అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతుందని ఆమెకెలా తెలుస్తుంది? 320 అంటే మేలు రకమేమో అనుకుంది. యాడ్‌లో ఫొటో 180ది, కింద వేసిన ధర 320ది. వద్దని మావాళ్లు చెప్పినా మీరు మార్చనివ్వలేదు. ‘ఫొటోలో ఉన్నది ఇదే రేటుకా?’ అని అడిగి, కాదనగానే వెళ్లిపోయినవాళ్లు చాలామంది.

ఇదంతా సరిచేసినా 300 వచ్చేవా? రావు. రాత్రి రాసిన 500 మందికీ గంటలో జవాబిచ్చి ఉంటే, ఆరింట ఒకటి చొప్పున ఇంకో 63 పెరిగి 175 అయ్యేవి. మరి 300 అన్న అంకె ఎక్కడిది?

మీ కొట్లో పుట్టింది. నా కంటే ముందు వచ్చిన ఏజెన్సీవాడు 400 గ్యారంటీ అని కాగితం మీద రాసిచ్చాడని చూపించారు. ‘నువ్వెంత రాస్తావు?’ అన్నారు. వేలంపాటలో నేనూ 300 అని పాడాను. ఈ పాటే మన రెండు జిల్లాల్లో యాడ్‌ల వ్యాపారాన్ని పాడుచేస్తోంది. బట్టల కొట్టు, కోచింగ్ సెంటర్, దంతవైద్యుడు, అందరిదీ ఒకటే ప్రశ్న: ఎన్ని లీడ్లు గ్యారంటీ?

గ్యారంటీ నిలబెట్టుకోవడం ఎంత తేలికో చెప్పనా? ‘పావుకిలో ఉచితం’ అని ఒక యాడ్ వేస్తే చాలు, పేర్లు కుప్పలు పడతాయి. ఫోన్‌లోనే నింపే ఫారం పెడితే పేరు, నంబరు నొక్కినవాడి ఖాతాలోంచి వాటంతటవే పడతాయి. వేలు జారినా అదొక లీడే. ఆ నంబరు ఎప్పుడో మార్చేసిన సిమ్‌ది కావచ్చు. ఫారం పంపేముందు మరోసారి సరిచూసుకోమని అడిగే పద్ధతి ఉంది. అది పెడితే లీడ్లు తగ్గుతాయి, పనికొచ్చేవి మిగులుతాయి. గ్యారంటీ రాసిచ్చినవాడు దాన్ని చచ్చినా పెట్టడు. సిరిమానోత్సవానికి ముందు విజయనగరంలో కొట్లకు అమ్మే జాబితాల్లో సగం ఈ సరుకే. యాడ్ ఖాతా కూడా ఏజెన్సీ పేరుమీదే ఉంటుంది. ఎక్కడ చూపించాడో, ఎంత ఖర్చుపెట్టాడో మీరు చూడలేరు. ఏజెన్సీ మారితే ఇన్నాళ్లు మీ డబ్బుతో పోగైన చరిత్రంతా వాడి దగ్గరే ఉండిపోతుంది. గ్యారంటీ అడిగే షావుకారు కోరి తెచ్చుకునే మోసం ఇది.

ఆన్‌లైన్‌లో జీడిపప్పు ఎవరు కొంటారని నవ్వేవాళ్లకు ఆ 92 మందే జవాబు. పలాస పప్పు దశాబ్దాలుగా డబ్బాల్లో దళారుల చేతికే వెళ్లింది. 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానం తోటలను కూల్చేసినా, ఆఫ్రికా పిక్కలు తెచ్చి మరీ అదే దారిలో అమ్మారు. ఇంటివాడితో మాట్లాడే అలవాటు మన కొట్లకు లేదు. యాడ్ ఆ అలవాటు నేర్పదు.

ఇకమీదట నా దగ్గర జరిగేది ఇది. ఖాతా మీ పేరుమీద తెరుస్తాను, మాకు పనిచేసే అనుమతి మాత్రం ఇస్తారు. వృత్తం తీసేసి హైదరాబాద్, విశాఖ ఊళ్లను ఎంచుకుంటాం. రోజువారీ బడ్జెట్ బదులు మొత్తం కాలానికి బడ్జెట్ పెడితే గంటలు ఎంచుకోవచ్చు. మీ వైపు మనిషి ఫోన్ దగ్గర కూర్చునే గంటల్లోనే యాడ్ నడుస్తుంది. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఒక మనిషిని పెట్టండి, లేదంటే ఆ వేళకు యాడ్ ఆపేస్తాను. రేట్ల పట్టీ బదులు మూడు ఫొటోలు: పెద్ద గుండు, మామూలు గుండు, బద్ద. ఒక్కోదానికి కిలో ధర, పార్సిల్ ఖర్చుతో కలిపి. డబ్బు కట్టిన ప్రతి సంభాషణకూ వాట్సాప్ బిజినెస్‌లో లేబుల్ వేయాలి. సోమవారం సోమవారం మనం చూసేది ఆ లేబుళ్లనే, లీడ్ల సంఖ్యను కాదు. నా ఫీజు కొంత నికరంగా, మిగతాది కొరియర్‌కు ఎక్కిన పార్సిల్‌కు ఇంత అని. అంకె గ్యారంటీ మాత్రం ఎవరికీ రాసివ్వను. రాసిచ్చేవాడు దొరికితే నిరభ్యంతరంగా వెళ్లండి, కానీ ఖాతా ఎవరి పేరుమీద ఉంటుందో ముందు అడగండి.

మీరు ఆపేసిన బిల్లు సంగతి. యాడ్‌లకు పెట్టిన 60 వేలు నా దగ్గర లేవు, ఖర్చు రసీదులు కుర్రాడితో పంపాను. ఆ సొమ్ము కట్టండి. నా సర్వీసు చార్జీలో సగం వదులుకుంటున్నాను, రాయకూడని అంకె రాసినందుకు. మిగతా సగం నెలాఖరులోగా పంపితే సంక్రాంతి యాడ్‌ల పని మొదలుపెడతాం.

ఇట్లు,
మీ ఏజెన్సీ మేనేజరు