రెండు గీతలు చెప్పని సంగతి

నెల తప్పింది. మందుల షాపులో కొన్న కిట్ మీద రెండు గీతలు పడ్డాయి. గర్భం వచ్చిందని ఆ గీతలు చెబుతాయి గానీ, అది ఎక్కడ నిలిచిందో చెప్పలేవు. కిట్ పసిగట్టేది మూత్రంలోని హెచ్‌సీజీ హార్మోన్‌ను మాత్రమే. పిండం గర్భసంచిలో కుదురుకున్నా, దాని పక్కనున్న ట్యూబులో ఇరుక్కున్నా ఆ హార్మోన్ వస్తూనే ఉంటుంది. ప్రతి 100 గర్భాల్లో ఒకటో రెండో ఇలా గర్భసంచికి బయట నిలుస్తాయి. వాటిలో 90 శాతానికి పైగా ఫలోపియన్ ట్యూబులోనివే.

అండం, శుక్రకణం కలిసేది మామూలుగా ట్యూబులోనే. అక్కడి నుంచి పిండం కొద్ది రోజుల్లో గర్భసంచిలోకి చేరాలి. పాత ఇన్ఫెక్షన్, జననాంగాల క్షయ, ట్యూబుల మీద జరిగిన ఆపరేషన్, వీటిలో ఏదైనా లోపలి దారిని దెబ్బతీసి ఉంటే పిండం మధ్యలోనే ఆగి అక్కడే వేళ్లూనుకుంటుంది. ఏ కారణమూ కనిపించని వారూ ఎందరో ఉంటారు. ట్యూబు గోడ పలచన, అది గర్భసంచిలా సాగదు. పిండం పెరిగేకొద్దీ అది రక్తనాళాలను ఛేదించుకుంటూ పోతుంది. ట్యూబు చిట్లితే రక్తం బయటికి కనిపించకుండా కడుపులోకే కారుతుంది. ఈ గర్భాన్ని తీసి గర్భసంచిలో పెట్టే పద్ధతి వైద్యంలో ఇప్పటికీ లేదు.

మొదట్లో కనిపించే లక్షణాలు మామూలువే: పొత్తికడుపులో, తరచూ ఒక పక్కన, నొప్పి, బట్టకు ముదురు రంగు మచ్చలు. చాలామంది వాటిని ఆలస్యంగా వచ్చిన నెలసరి అనుకుని ఊరుకుంటారు. భుజం చివర నొప్పిని మాత్రం ఎవరూ కడుపుతో ముడిపెట్టరు. కడుపులో చేరిన రక్తం డయాఫ్రమ్‌ను రేపినప్పుడు, దానికీ భుజానికీ నరాల మూలం ఒకటే కావడంతో నొప్పి భుజంలో తెలుస్తుంది. దానికి తోడు కళ్లు తిరగడం, చెమటలు పట్టడం, మల విసర్జన కావాలన్నట్టు ఒత్తిడి ఉంటే, అది తెల్లవారేదాకా ఆగే విషయం కాదు. ఆపరేషన్ థియేటర్, రక్తం రెండూ ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఈ ప్రమాదానికి మరో కోణం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల వివాహిత మహిళల్లో దాదాపు 70 శాతం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారేనని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆ ఆపరేషన్ విఫలమవడం అరుదు. కానీ విఫలమై గర్భం వస్తే, అది ట్యూబులో ఉండే అవకాశం దాదాపు మూడింట ఒక వంతు. ‘ఆపరేషన్ అయింది కదా, గర్భమేమిటి’ అన్న నమ్మకమే ఇక్కడ రోగనిర్ధారణను ఆలస్యం చేస్తుంది.

ఇంతకంటే ఆందోళన కలిగించేది అబార్షన్ మాత్రల సంగతి. వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడని ఈ మాత్రలను షాపులో అడిగి కొనుక్కుని, స్కాన్ లేకుండా వేసుకునేవారున్నారు. ఆ మాత్రలు గర్భసంచిలోని గర్భాన్నే తొలగిస్తాయి, ట్యూబులోని దాన్ని ఏమీ చేయవు. అయితే గర్భసంచి పొర ఊడి రక్తస్రావం మాత్రం అవుతుంది. దాంతో పని అయిపోయిందనుకుంటారు. రోజుల తర్వాత ట్యూబు చిట్లితే, వచ్చిన నొప్పిని కూడా మాత్రల ప్రభావం కిందే లెక్క వేసుకుంటారు.

గర్భం ఎక్కడుందో తేల్చడం ఒక్కరోజులో అయ్యే పని కాకపోవచ్చు. ఒక నమూనా కేసు చూద్దాం. ఆరో వారంలో స్వల్ప నొప్పితో వచ్చిన యువతికి రక్తంలో హెచ్‌సీజీ 900 ఉంది, యోని ద్వారా చేసిన స్కాన్‌లో గర్భసంచి ఖాళీగా కనిపించింది. ‘ఏమీ కనబడలేదు’ అంటే ప్రమాదమేమీ లేదని కాదు, గర్భం జాడ ఇంకా దొరకలేదని. ఆ స్థాయిలో మంచి గర్భం కూడా స్కాన్‌కు అందకపోవచ్చు. అందుకే 48 గంటల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తారు. గర్భసంచిలో సవ్యంగా పెరిగే గర్భమైతే హెచ్‌సీజీ ఈపాటికి సుమారు సగం మేరైనా పెరగాలి. ఆమెకు 1,150 మాత్రమే వచ్చింది. గర్భసంచిలోనే ఉండి విఫలమవుతున్న గర్భానికీ ఇలాగే జరుగుతుంది కాబట్టి, వైద్యులు తొందరపడి చికిత్స మొదలుపెట్టరు. మరో రెండు రోజులకు 1,400, ఈసారి కుడి అండాశయం పక్కన 2 సెంటీమీటర్ల గడ్డ, అందులో గుండె చప్పుడు లేదు.

రక్తపోటు నిలకడగా ఉండి, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు బాగుంటే, ఈ దశలో మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌తో ఆపరేషన్ తప్పించవచ్చు. నాలుగో రోజు హెచ్‌సీజీ కొంచెం పెరిగినా కంగారు పడక్కర్లేదు. నాలుగో రోజుకూ ఏడో రోజుకూ మధ్య కనీసం 15 శాతం తగ్గితే మందు పనిచేస్తున్నట్టు. ఆ తర్వాత ఆ హార్మోన్ పూర్తిగా పోయేదాకా వారం వారం పరీక్ష తప్పదు, ఎందుకంటే అంకెలు తగ్గుతున్నా ట్యూబు చిట్లిన కేసులున్నాయి. ఈలోగా ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంటే మందుకు విరుగుడు అవుతుంది. గర్భం కోసం కనీసం మూడు నెలలు ఆగమంటారు.

ట్యూబు చిట్లాక వచ్చినవారికి ఈ వెసులుబాటు ఉండదు. రక్తం ఎక్కిస్తూ ఆ ట్యూబునే తీసేయాల్సి వస్తుంది. మిగిలిన ట్యూబు బాగుంటే మళ్లీ గర్భం రావచ్చు. ఒకసారి ఇలా అయినవారికి మళ్లీ ఇదే జరిగే అవకాశం సుమారు 10 శాతం ఉంటుంది కాబట్టి, ఈసారి నెల తప్పిన వెంటనే వైద్యుడికి పాత సంగతి చెప్పి, ఆరో వారానికల్లా స్కాన్ చేయించుకోవాలి.