పన్నెండు శాతం అని చెప్పి ఇరవై శాతం గుంజుతున్నారు



పత్తి, మిర్చి అమ్మిన పైసలు చేతికొచ్చే కాలంలోనే మన ఊళ్లలో ఫైనాన్స్ ఏజెంట్లు తిరుగుతారు. నర్సంపేట వైపు నుంచి ఒక సంఘ సభ్యుడు ట్రాక్టర్ లోన్ కాగితం పట్టుకొని మా దగ్గరికి వచ్చాడు. లోన్ ఆరు లక్షలు, మిత్తి ఏడాదికి 12 శాతం, గడువు 5 ఏండ్లు, నెల కిస్తీ 16,000. "నూటికి రూపాయి మిత్తే కదా, సేటు కన్నా నయం" అని ఏజెంటు ఒప్పించాడట. లెక్క ఎట్లా వచ్చిందని అడిగితే "కంప్యూటర్ వేసింది" అన్నాడట. కంప్యూటర్‌కు ఏ లెక్క చెప్తే ఆ లెక్కే వేస్తది. చెప్పింది కంపెనీ.

ఆ లెక్క మేము విప్పి చూసినం. ఆరు లక్షల మీద ఏడాదికి 72,000 మిత్తి, ఐదేండ్లకు 3,60,000. అసలుతో కలిపి 9,60,000. దాన్ని 60తో భాగిస్తే 16,000. దీన్ని వాళ్లు ఫ్లాట్ రేటు అంటరు.

ఇందులో మోసం ఎక్కడుందో చూడండి. సేటు దగ్గర నూటికి రూపాయికి తెస్తే అసలు మొత్తం చివరి దాకా మన దగ్గరే ఉంటది, మొత్తం మీద మిత్తి కట్టడం సబబే. కిస్తీలో అట్లా కాదు. ప్రతి నెలా కొంత అసలు తిరిగి కడుతున్నం. ఈ లెక్కలో ప్రతి 16,000లో 10,000 అసలు, 6,000 మిత్తి. ముప్పై కిస్తీలు కట్టినంక మన దగ్గర వాళ్ల సొమ్ము మూడు లక్షలే ఉంటది, మిత్తి మాత్రం ఆరు లక్షలదే పడుతుంటది. ఆఖరి నెలలో మిగిలిన అసలు 10,000, దాని మీద మిత్తి 6,000. అంటే ఆ నెల నూటికి 60 రూపాయల మిత్తి! ఏ ఊళ్లో ఏ సేటు వసూలు చేసిండు ఇంత?

సరైన లెక్కకు ముందు నెల మిత్తి తీయాలె. ఏడాదికి 12 శాతం అంటే 12తో భాగించి నెలకు ఒక శాతం. ఆ ఒక శాతాన్ని మిగిలిన అసలు మీదనే వేయాలె. గడువును కూడా నెలల్లోకి మార్చాలె, 5 ఏండ్లకు 60 నెలలు. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఫోన్‌లో ఎక్సెల్ షీట్ తెరిచి ఈ ఒక్క వరుస కొట్టమనండి:

```
=PMT(12%/12, 5*12, -600000)
```

13,346.67 వస్తది. అంటే కిస్తీ 13,347 ఉండాలె. కంపెనీ అడిగేది 16,000. నెలకు 2,653 చొప్పున 60 నెలలకు 1,59,000 పైన ఎక్కువ. 16,000 కిస్తీకి అసలైన రేటు ఎంతని వెనక్కి లెక్కేస్తే నెలకు 1.69 శాతం, ఏడాదికి 20.3 శాతం తేలింది. కాగితం మీద పన్నెండు, జేబులోంచి పోయేది ఇరవై.

ఎక్సెల్ లేకున్నా ఫర్వాలేదు. కిస్తీల పట్టిక అడిగి తీసుకోండి. మొదటి వరుసలో ఆరు లక్షల మీద ఒక శాతం 6,000 మిత్తి, 13,347లో మిగిలిన 7,347 అసలుకు పోవాలె. రెండో నెల అసలు 5,92,653, దాని మీద మిత్తి 5,927. ఇట్లా మూడు నాలుగు వరుసలు మామూలు క్యాలిక్యులేటర్‌తో సరిచూస్తే చాలు. మిత్తి గడిలో నెల నెలా అంకె తగ్గకుండా 6,000 దగ్గరే నిలబడిందంటే అది ఫ్లాట్ లెక్క.

రేటు, గడువు రెండూ ఒకే కొలతలో ఉండాలె. ఇక్కడ ఇంకో తిరకాసు చేస్తరు. రేటును 12 శాతంగానే, గడువును 5గానే పెట్టి ఏడాది కిస్తీ కట్టి, దాన్ని 12తో భాగిస్తరు. అప్పుడు నెలకు 13,870 వస్తది. చూడటానికి న్యాయంగానే కనపడుతది గానీ, నెల నెలా కడుతున్నా అసలు ఏడాదికోసారే తగ్గినట్టు లెక్క. ఐదేండ్లకు 31,000 పైచిలుకు పోతది.

వానాకాలం పంటకోసారి, యాసంగికోసారి కట్టే ఆరు నెలల కిస్తీకీ ఇదే సూత్రం: రేటు 6 శాతం, కిస్తీలు 10. లెక్క 81,521 వస్తది. నెల కిస్తీని ఆరుతో గుణిస్తే 80,082 కదా, 1,400 ఎక్కువేందని కంపెనీ మీదికి పోకండి. ఆరు నెలల పాటు వాళ్ల సొమ్ము మన దగ్గరుంది, దాని మిత్తి అది. ఇది న్యాయమైన తేడా. ఫ్లాట్ లెక్కలో అదే కిస్తీ 96,000 అవుతది, పోట్లాడాల్సింది దాని మీద.

ఇక చిల్లర సర్దుడు. 13,346.67ను 13,347 చేస్తే ఎవరికీ నష్టం లేదు, ఆఖరి కిస్తీలో ఓ పాతిక రూపాయలు తగ్గుతయి. 13,400 చేసినా తప్పు కాదు, కానీ అప్పుడు ఆఖరి కిస్తీ సుమారు 9,044కు దిగాలె. అరవై వరుసలూ 13,400 అనే ఉంటే 4,300 పైన మింగినట్టే. అందుకే పట్టికలో ముందుగా ఆఖరి వరుస చూడండి. రేటును సర్దితే దెబ్బ ఇంకా పెద్దది. ఏడాదికి 10.5 శాతమంటే నెలకు 0.875. దాన్ని "సుమారు 0.9" అని రాస్తే ఇదే ఆరు లక్షల మీద నెలకు 89 రూపాయలు, ఐదేండ్లకు 5,300 పైనే పెరుగుతది. పైసలు సర్దాల్సింది చివర్లో, కిస్తీ దగ్గర. రేటు దగ్గర కాదు.

రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చింది. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ టర్మ్ రుణాలకు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు "కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్" ఇవ్వాలె. అది మనకు అర్థమయ్యే భాషలో ఉండాలె. కిస్తీల పట్టిక, అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది రేటు, అంటే ఏపీఆర్, అందులో ఉండాలె. అందులో రాయని ఖర్చును మన ఒప్పుకోలు లేకుండా తర్వాత వేయరాదు. ఆ కాగితం ఇచ్చినంక ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు మనకుంటయి. మరి ఏజెంట్లు ఏం చేస్తున్నరు? షోరూంలో ట్రాక్టర్‌కు దండ వేసినంక, ఇంగ్లీషు కాగితాల కట్ట ముందు పెట్టి ఇరవై చోట్ల సంతకాలు పెట్టిస్తున్నరు. ఏపీఆర్ ఆ కట్టలోనే ఎక్కడో ఉంటది, వేలు పెట్టి చూపించేటోడు ఉండడు. ఏజెంటు నోట పన్నెండు, ఏపీఆర్ గడిలో ఇరవై ఉంటే సంతకం ఆపండి. కొద్దిగా ఎక్కువుంటే అది ప్రాసెసింగ్ ఫీజు లాంటి ఖర్చుల వల్ల కావచ్చు, ఎంత, దేనికి అని విడివిడిగా అడగండి.

ఇప్పటికే సంతకం పెట్టినవాళ్లు కిస్తీల పట్టిక, లోన్ స్టేట్‌మెంట్ ఇమ్మని కంపెనీకి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి, రసీదు తీసుకోండి. కాగితంలో రాసిన రేటుకూ వసూలుకూ తేడా ఉంటే అదీ రాయండి. 30 రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చింది సరిగ లేకున్నా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. వివరాలకు ఫోన్ 14448. నర్సంపేట సభ్యుడి దరఖాస్తు మేము రాసి ఇచ్చినం, పట్టిక రాంగనే అరవై వరుసలూ లెక్క వేస్తం. మీ కాగితాలు కూడా మండల కమిటీకి తీసుకురండి.