చంద్రయాన్ రోజు వచ్చినవారు మళ్లీ వచ్చారా?

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగుతుంటే ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా చూశారు. అలాంటి రోజున చిన్న సైన్స్ చానల్‌కూ వ్యూస్ వెల్లువెత్తుతాయి. నిజానికి ఆ ఘనత చంద్రుడిది.

ఒక తెలుగు చానల్‌ను ఊహించుకుందాం. ల్యాండింగ్ వీడియోకు 2,00,000 వ్యూస్, 200 మంది కొత్త సబ్‌స్క్రైబర్లు, వెయ్యికి ఒక్కరు. కక్ష్య ఎలా పెంచుతారో వివరించిన వీడియోకు 6,000 వ్యూస్, 120 మంది. వెయ్యికి ఇరవై మంది. సబ్‌స్క్రైబ్ నొక్కడం మాట ఇవ్వడం లాంటిది. ఆ మాట నిలిచిందో లేదో తిరిగి వచ్చిన వీక్షకుల గీత చెబుతుంది. నెల తర్వాత అది పాత మట్టానికే చేరితే, ఆ రోజు వచ్చింది జాతర జనమే. అయితే ఈ లెక్కా పక్కా కాదు. ఫోన్‌లో చూసే మనిషే లాగిన్ కాకుండా టీవీలో చూస్తే కొత్తవారి కింద పడతారు.

వెనక్కి జరిపి మళ్లీ చూసిన చోట రిటెన్షన్ గీత పైకి లేస్తుంది, ఒక్కోసారి 100 శాతం దాటుతుంది. దాన్ని అభిమానం అనుకుని మురిసిపోయేవారే ఎక్కువ. సరిగ్గా సమీకరణం దగ్గరే లేచిందంటే ముందు వివరణను అనుమానించాలి.