కట్టలేదు, కట్టలేకపోయారు

"మొత్తం పదాలు లెక్కపెట్టు. మూడుతో భాగించు. వచ్చిన సంఖ్యను పక్కన రాసుకుని దానికి గుండ్రంగా గీత చుట్టు. ఇప్పుడు ముఖ్యమైన వాక్యాలు ఏరి, ఆ సంఖ్య వచ్చేదాకా రాయి."

తాడ్వాయి అడవుల నడుమ మేడారం చుట్టుపక్కల బడుల్లో సంక్షిప్తీకరణ పాఠాన్ని మేం ఇలాగే చెప్పాం. నేనొక్కణ్ణే కాదు. నాతో పనిచేసిన తెలుగు ఉపాధ్యాయులం చాలామందిమి ఏళ్ళ తరబడి ఇదే చెప్పాం. మాకూ మా గురువులు ఇలాగే చెప్పారు. ఆ మాటల్లో మొదటిదే తప్పు. దాని వల్ల పిల్లలకు ఏం నష్టం జరిగిందో ఒక్క పరీక్ష ఉదాహరణగా చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

2024 జాతరకు ముందు మా బడిలో తొమ్మిదో తరగతికి పరీక్ష పెట్టాం. అపరిచిత గద్యం ఇచ్చి మూడో వంతుకు కుదించమన్నాం. పది మార్కులు. గద్యం నేనే రాశాను:

"మేడారం ప్రాంతాన్ని పగిడిద్దరాజు కాకతీయులకు సామంతుడిగా పాలించేవాడని చెబుతారు. ఏటా కప్పం కట్టడం అక్కడి ఆనవాయితీ. ఆ కాలంలో వరుసగా కొన్నేళ్ళు వానలు పడలేదు. చెరువులు ఎండిపోయాయి, అడవిలో దుంపలు కూడా దొరకలేదు. తినడానికే లేని జనం కప్పం కట్టలేకపోయారు. రాజు ప్రతాపరుద్రుడు దాన్ని ధిక్కారంగా భావించి సైన్యాన్ని పంపాడు. సంపెంగవాగు ఒడ్డున చాలా పెద్ద యుద్ధం జరిగింది. పగిడిద్దరాజు, కుటుంబీకులు సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు నేలకొరిగారు. ఓటమి భరించలేక జంపన్న వాగులో దూకాడు. అప్పటి నుంచి అది జంపన్నవాగు అయింది. సమ్మక్క ఒంటరిగా పోరాడి, గాయపడి, చిలకలగుట్ట వైపు నడిచి వెళ్ళి కనిపించకుండా పోయిందని కోయలు చెప్పుకుంటారు. వెతికిన వాళ్ళకు చెట్టు కింద కుంకుమ భరిణె ఒకటి దొరికిందట. ఆ భరిణెనే తల్లిగా తలచి రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమికి నాలుగు రోజుల పాటు జాతర చేస్తున్నారు."

సరిగ్గా 90 పదాలు. జవాబు 30 పదాల్లో రావాలి. రెండు మూడు పదాలు అటూ ఇటూ అయినా ఒప్పుకుంటామని ముందే చెప్పాం.

ఒక అబ్బాయి రాసిన జవాబు ఇది: "మేడారం ప్రాంతాన్ని పగిడిద్దరాజు పాలించేవాడు. జనం కప్పం కట్టలేదు. ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపాడు. సంపెంగవాగు ఒడ్డున చాలా పెద్ద యుద్ధం జరిగింది. జంపన్న వాగులో దూకాడు. సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్ళి కనిపించకుండా పోయింది. రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమికి జాతర చేస్తున్నారు." ముప్పై పదాలు. ఒక్కో పదం మీద పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి లెక్క చూసుకున్నాడు. నేను కూడా ఆ చుక్కలే లెక్కపెట్టి ఎనిమిది మార్కులు వేశాను.

ఇంకో కాగితం ఇంట్లో కోయ మాట్లాడే అమ్మాయిది. ఆమె కరువు దగ్గర ఆగిపోయింది. వానలు పడలేదని, చెరువులు ఎండాయని, దుంపలు కూడా దొరకలేదని రాసి, చివర "తినడానికే లేకపోతే కప్పం ఎక్కడి నుంచి కడతారు?" అని ప్రశ్న వేసింది. యుద్ధాన్ని రెండు వాక్యాల్లో ముగించింది. సమ్మక్క సంగతి చెప్పేటప్పుడు "అని మావాళ్ళు నమ్ముతారు" అని రాసింది. మొత్తం 41 పదాలు. "పదాలు మించాయి, సొంత మాటలు చేర్చరాదు" అని ఎర్ర సిరాతో రాసి ఐదు మార్కులు వేశాను. కాగితాలు పంచిన రోజు ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి, "కరువు ముచ్చట తీసేస్తే కొట్లాట ఎందుకైందో ఎట్ల తెలుస్తది సార్?" అని అడిగింది. "ముందు లెక్క చూసుకోవాలమ్మా" అన్నాను. ఆమె మారు మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

చాలా రోజుల తర్వాత ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివాను. నా గద్యంలో "కట్టలేకపోయారు" అని ఉంది. అబ్బాయి జవాబులో అది "కట్టలేదు" అయింది. అదీ ఒక పదమే, ఇదీ ఒక పదమే. అలా మార్చి వాడు మిగుల్చుకున్నది ఏమీ లేదు. పోగొట్టుకున్నది మాత్రం కథ మొత్తం. కట్టలేకపోయారంటే చేతకాని పరిస్థితి, కట్టలేదంటే మొండితనం. పైగా కరువు వాక్యాలు రెండూ పోయాయి. "ధిక్కారంగా భావించి" అన్న మాట కూడా పోయింది. రాజు పొరపాటుగా అనుకున్నది కాస్తా జరిగిన నిజం లాగా నిలిచింది. మేడారం గద్దెల నీడలో పెరిగిన పిల్లవాడు తన ఊరి తల్లుల కథను దండెత్తి వచ్చినవాళ్ళ మాటగా రాశాడు, అది కూడా తెలియకుండానే. దానికి నేను ఎనిమిది మార్కులు ఇచ్చాను.

ఇది వాడి తప్పు కాదు. వాక్యాలు ఏరమని చెప్పింది మేము. ఏరేటప్పుడు పిల్లల కంటికి ఆనేది సంఘటన. పంపాడు, దూకాడు, జరిగింది, ఇలాంటివన్నీ గట్టిగా కనిపిస్తాయి. కారణం మాత్రం "వల్ల", "లేక", "అని భావించి" లాంటి చిన్న మాటల్లో దాగి ఉంటుంది. ఏరుడులో మొదట రాలిపోయేవి అవే. "చెబుతారు", "చెప్పుకుంటారు", "దొరికిందట" అనేవీ అంతే. తెలుగులో "అట" అన్న రెండక్షరాలు ఎంత పని చేస్తాయో బడిలో మేం ఎన్నడూ చెప్పలేదు. "దొరికిందట"కు "దొరికింది" రాస్తే పదాల లెక్క మారదు కానీ, ఒకరి నమ్మకాన్ని మనం సాక్ష్యంగా మార్చినట్టవుతుంది. ఆ అమ్మాయి రాసిన "మావాళ్ళు నమ్ముతారు" ఆ తేడాను కాపాడింది. సంక్షిప్తీకరణ ప్రథమ పురుషలో ఉండాలి కాబట్టి "కోయలు నమ్ముతారు" అని దిద్దితే సరిపోయేది. నేను మాట దిద్దలేదు, మార్కు కోశాను. ఆమె ప్రశ్నను కూడా వాక్యంగా మార్చమని చెప్పాల్సింది. గద్యంలో లేనిది చేర్చకూడదన్న నియమం సరైనదే. జాతర గురించి రాస్తూ ఇంకో పిల్లవాడు మొక్కు బెల్లాన్ని, హెలికాప్టర్‌ను చేర్చాడు. అక్కడ మార్కు తగ్గించడం న్యాయమే. ఈమె మాత్రం గద్యంలో ఉన్న కారణాన్నే గట్టిగా పట్టుకుంది.

ఇక మేం అంతగా నమ్ముకున్న లెక్క సంగతి. తెలుగులో పదాల లెక్క రాసేవాడి చేతిలో ఉంటుంది. "సంపెంగవాగు ఒడ్డున" అని రాస్తే రెండు పదాలు, "సంపెంగవాగొడ్డున" అని కలిపేస్తే ఒకటి. "కుంకుమ భరిణె" రెండు, "కుంకుమభరిణె" ఒకటి. నేను రాసిన గద్యంలోనే "సంపెంగవాగు"ను కలిపి రాసి "మాఘ పౌర్ణమి"ని విడిగా రాశాను. అది నా అలవాటు, అంతే. చురుకైన పిల్లలు ఇది చాలా త్వరగా పట్టేశారు. పదాలు మించినప్పుడల్లా వాక్యం కుదించడం మాని పదాలు అతికించడం మొదలుపెట్టారు. ఆ అతుకులు చూసి కూడా మేం సరేనన్నాం, ఎందుకంటే మా దిద్దుబాటు కూడా చుక్కల లెక్కే. కాగితాల కట్ట పెద్దది. ముప్పై వచ్చిందా లేదా చూడటం తేలిక. మూడో వంతు అన్నది ఒక హద్దు. దాన్నే మేం పాఠం చేసేశాం.

మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టాల్సిన సంగతి ఇంకొకటుంది. కుదించడానికి కావలసిన పనిముట్టు మా చేతిలోనే ఉంది. వ్యాకరణం పీరియడ్‌లో సంశ్లిష్ట వాక్యాలు చెబుతాం. "రవి అన్నం తిన్నాడు. రవి బడికి వెళ్ళాడు." ఈ రెంటినీ కలిపి "రవి అన్నం తిని బడికి వెళ్ళాడు" అని రాయిస్తాం. "తిని" క్త్వార్థకం, "తిన్న రవి" అంటే క్రియాజన్య విశేషణం అని పేర్లు కంఠస్థం చేయిస్తాం, చిన్న ప్రశ్నలుగా అడుగుతాం. సంక్షిప్తీకరణ దగ్గరికి రాగానే అదంతా మరిచిపోయి వాక్యాలు కత్తిరించమంటాం. నిజానికి కుదించడమంటే కత్తిరించడం కాదు, ముడి వేయడం. కరువు వాక్యాలు రెండూ, కప్పం వాక్యమూ కలిపి "వరుస కరువుతో కప్పం కట్టలేకపోయిన జనం" అని ఒక్క ముడి వేస్తే అయిదు పదాల్లో కారణమూ కార్యమూ రెండూ నిలుస్తాయి. ఆ "పోయిన" అన్న విశేషణమే మొత్తం బరువు మోస్తుంది.

ఆ గద్యాన్ని నేనే మళ్ళీ కుదించి చూసుకున్నాను. మొదట రెండుసార్లు చదివి కాగితం బోర్లించాను. కాగితం చూడకుండా, ఏది తీసేస్తే కథ కూలిపోతుందో ఒక వాక్యంలో రాసుకున్నాను: కరువు వల్ల కట్టలేకపోయారు, రాజు అపార్థం చేసుకున్నాడు, సమ్మక్క మీది నమ్మకం జాతర అయింది. పేర్ల జాబితా, వాగు పేరు, యుద్ధం ఎంత పెద్దదన్నది ఆ వాక్యంలోకి రాలేదు, కనుక వాటిని వదిలేశాను. తర్వాతే చిత్తు రాశాను. పదాలు లెక్కపెట్టింది అన్నిటికంటే చివర. తేలింది ఇది:

"వరుస కరువుతో కప్పం కట్టలేకపోయిన మేడారం జనం మీదికి, అది ధిక్కారమని తలచి ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపాడు. పోరులో పగిడిద్దరాజు, ఆయన కుటుంబీకులు ప్రాణాలు కోల్పోయారు. సమ్మక్క చిలకలగుట్టలో అదృశ్యమై భరిణెగా వెలిసిందన్న కోయల నమ్మకమే రెండేళ్ళకోసారి జరిగే జాతరకు మూలం."

ఇదీ ముప్పై పదాలే. జంపన్నవాగు పేరు పోయింది, అది నష్టమే. ఈ ప్రాంతపు పిల్లలకు మనసుకు దగ్గరైనదీ అదే. అయినా ఇంకో రెండు పదాలకు చోటుంటే నేను తెచ్చుకునేది "అని చెబుతారు" అన్న మొదటి వాక్యపు మాటను. ఏది వదలాలో ఎంచుకుని, ఎందుకు వదిలామో చెప్పగలగడమే ఈ పరీక్ష. ఆ ఎంపికను పిల్లల చేతికి మేం ఇవ్వలేదు.

రేపు వీళ్ళలో ఎవరైనా సివిల్స్ మెయిన్స్ రాస్తే భారతీయ భాష పేపరులో 300 మార్కులకు 60 సంక్షిప్తీకరణకే ఉంటాయి. అక్కడా మూడో వంతే. ఉద్యోగంలో చేరితే ఊళ్ళ అర్జీలను పైఅధికారికి నాలుగు ముక్కల్లో రాసి పంపాలి. "రైతులు శిస్తు కట్టలేదు" అని రాస్తారా, "కట్టలేకపోయారు" అని రాస్తారా అన్నది ఈ తొమ్మిదో తరగతిలోనే తేలుతుంది.

ఆ రెండు కాగితాలనూ స్టాఫ్‌రూంలో తోటి ఉపాధ్యాయుల ముందు పెట్టాను. ఎవరూ వాదించలేదు. ఒకాయన తన కట్టలోంచి కాగితాలు తీసి చూసుకుని, "నేనూ ఇట్లనే వేసిన" అన్నారు. పది మార్కుల్లో నాలుగు కారణానికీ ముఖ్యాంశానికీ, మూడు వాక్యాలను ముడివేసిన తీరుకు, రెండు ఎవరి మాటను ఎవరి మాటగా చెప్పారన్నదానికి, ఒకటి మాత్రమే పదాల లెక్కకు అని కలిసి నిర్ణయించుకున్నాం. ఆ లెక్కన ఆ అమ్మాయి కాగితాన్ని మళ్ళీ దిద్దాను. ఏడు వచ్చాయి. అబ్బాయికి మూడు.

రిజిస్టర్‌లో మాత్రం ఐదూ, ఎనిమిదీ అలాగే ఉన్నాయి. అప్పటికి ఇద్దరూ పదో తరగతి ముగించి బడి విడిచి వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు ఆమెకు ఇంకా చెప్పలేదు.