ఇరవై శాతం సరే, ఎందులో ఇరవై?

పోస్టు కొంచెం పొడుగే, ఓపికతో చదవండి. పోయిన నెల మా హాస్టల్‌లో ఒక లెక్క తప్పింది. తప్పు మాదే.

మేము 200 మందిమి. అందులో 30 శాతం, అంటే 60 మంది, ఫస్ట్ ఇయర్ వాళ్లు. వాళ్లలో 20 శాతం మందికి స్కాలర్‌షిప్ పడలేదు. వినతిపత్రంలో మాత్రం "మా హాస్టల్‌లో 20 శాతం మందికి స్కాలర్‌షిప్ రాలేదు" అని రాసినం. ఆఫీసులో సారు చదివి, "200లో 20 శాతం అంటే 40 మంది కదా, పేర్లు ఇవ్వండి" అన్నడు. మా దగ్గర ఉన్నవి 12 పేర్లే. మిగతా 28 మంది ఎక్కడ అని అడిగితే ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నం. నిజంగా డబ్బులు రాని ఆ 12 మంది మాట కూడా అబద్ధం లెక్కనే అయిపోయింది ఆ రోజు.

రాత్రి రూములో పెద్ద వాదన. ఒకడు 30, 20 కలిపి 50 అన్నడు. ఇంకొకడు 30లోంచి 20 తీసేస్తే 10 అన్నడు. మూడోవాడు గుణించి 600 శాతం అన్నడు. అందరం నవ్వినం గానీ దారి పట్టింది వాడొక్కడే. శాతం అంటే నూటికి అని మర్చిపోయిండు, అంతే. 30 శాతం అంటే 30/100, 20 శాతం అంటే 20/100. రెండూ గుణిస్తే 600/10000, అంటే 6/100. ఆరు శాతం.

ఎందుకు గుణించాలి అన్నది నాకు సూత్రంతో అర్థం కాలేదు, మనుషులను నిలబెట్టుకుంటేనే అయింది. వంద మంది ఉన్నరు అనుకోండి. అందులో 30 మందిని పక్కకు పిలవండి. పదేసి మంది చొప్పున మూడు గుంపులు చేయండి. 20 శాతం అంటే ప్రతి పదిలో ఇద్దరు. మూడు గుంపుల్లో మూడు రెళ్లు ఆరు. ఆ ఆరుగురు మొదటి వంద మందిలో ఆరుగురే. మిగతా 70 మందిని మనం ముట్టుకోనే లేదు. కలిపితే తప్పు ఎందుకంటే, 30 అన్నది వందలోంచి తీసింది, 20 అన్నది ఆ ముప్పైలోంచి తీసింది. రెండింటి కింద ఉన్న గుంపు ఒకటి కాదు. మన తెలుగులో "ముప్పైలో ఇరవై" అంటం చూడండి, ఆ "లో" అన్న అక్షరమే గుణకారం.

తిప్పి 20లో 30 శాతం అన్నా ఆరే వస్తది. కానీ ఆ ఆరుగురు వేరే మనుషులు కావచ్చు. అందుకే జవాబు సరిపోయింది కదా అని వాక్యాన్ని తిప్పి రాయొద్దు.

ఇంకో చోట నేనే పడ్డ. హాస్టల్ మొత్తంలో 30 శాతం ఫస్ట్ ఇయర్, హాస్టల్ మొత్తంలోనే 20 శాతం మందికి డబ్బులు రాలేదు అనుకోండి. ఇక్కడ గుణించి 6 శాతం అనొద్దు. రెండూ మొత్తం నుంచే తీసినవి. రాని 40 మందీ ఫస్ట్ ఇయర్ వాళ్లే కావచ్చు, ఒక్కరూ కాకపోవచ్చు. రెండో శాతం మొదటి గుంపు లోపలిది అయితేనే గుణకారం.

ఈ తప్పే రిజర్వేషన్ గొడవల్లో కూడా చూస్తున్న. తెలంగాణలో మన ఎస్టీ రిజర్వేషన్ 2022లో 6 నుంచి 10 శాతం అయింది. మహిళలకు మూడో వంతు. కొందరు తమ్ముళ్లు 10, 33 కలిపి 43 పోయింది అంటరు. మహిళల వాటా పక్కన ఇంకో ముక్క కాదు, ప్రతి వర్గం లోపల ఉంటది. 1000 పోస్టులుంటే ఎస్టీకి 100, అందులో మూడో వంతు అంటే 33. వెయ్యిలో 33 అంటే దాదాపు 3.3 శాతం. అక్కలతో కొట్లాడే ముందు ఈ ఒక్క లెక్క వేసుకోండని నా మాట. అయితే 10 పోస్టులే పడితే మనకు వచ్చేది ఒకటి, దాంట్లో మూడో వంతు మనిషి ఉండడు. అక్కడ శాతం పని చేయదు.

నా అభిప్రాయం ఏందంటే, వినతిపత్రంలో ముందు మనుషుల సంఖ్య రాయాలి, తర్వాతే శాతం. మాది మళ్లీ రాసినం: "200 మందిలో ఫస్ట్ ఇయర్ విద్యార్థులు 60 మంది. ఆ 60 మందిలో 12 మందికి, అంటే వారిలో 20 శాతం మందికి, హాస్టల్ మొత్తంలో 6 శాతం మందికి స్కాలర్‌షిప్ రాలేదు. పేర్లు జత చేసినాము." ఈసారి సారు పేర్లు లెక్కపెట్టి తీసుకున్నడు.