తొందరపాటు గర్భపరీక్ష

సంయోగం జరిగిన అయిదారు రోజులకే మందుల దుకాణం నుండి పరీక్షపట్టీ తెచ్చుకొని, అందులో ఒకే గీత కనబడగానే గర్భం లేదని నిశ్చయించుకొనే దంపతులు నా వద్దకు తరచుగా వస్తుంటారు. వారిలో సంతానం కోరి నిరాశ చెందినవారున్నారు; ఇప్పుడే వద్దనుకొని ఊరట పొందినవారూ ఉన్నారు. ఆ నిరాశకు గాని, ఆ ఊరటకు గాని ఆధారం లేదన్నది నా అభిప్రాయం. పట్టీ వెదకే పదార్థం ఆ నాటికి శరీరంలో పుట్టనే లేదు.

ఇది ఎందువలన అన్నది కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. పురుష బీజకణాలు స్త్రీ శరీరంలో అయిదు రోజుల వరకు సజీవంగా ఉండగలవు. అండం మాత్రం విడుదలైన తరువాత ఒక రోజుకు మించి నిలువదు. కనుక సోమవారం నాటి కలయిక వలన శనివారం నాడు గర్భోత్పత్తి జరగడానికి అవకాశమున్నది. అటుపిమ్మట ఫలించిన అండం గర్భాశయ నాళం గుండా మెల్లగా ప్రయాణించి గర్భాశయాన్ని చేరి, దాని గోడకు అంటుకోవాలి. అండం విడుదలైన నాటి నుండి లెక్కిస్తే ఇందుకు ఆరు నుండి పన్నెండు రోజులు, చాలామందిలో ఎనిమిది నుండి పది రోజులు పడుతుంది. అలా అంటుకొన్న తరువాతనే హెచ్.సి.జి. అనే హార్మోను తల్లి రక్తంలోకి, అక్కడి నుండి మూత్రంలోకి వస్తుంది. మన ప్రాచీనులు గర్భానికి ఋతువు, క్షేత్రం, అంబువు, బీజం అనే నాలుగూ కూడాలన్నారు. బీజం క్షేత్రంలో నాటుకొనే వరకు పరీక్షపట్టీకి అందే కబురేమీ ఉండదు.

ఒక ఉదాహరణ తీసుకుందాము. ఒకామెకు జూన్ 1వ తేదీన బహిష్టు వచ్చింది. ఆమెకు నెలసరి ముప్పది అయిదు రోజులకొకసారి వస్తుంది. 18వ తేదీన భార్యాభర్తలు కలిశారు. అండం 21వ తేదీ ప్రాంతంలో విడుదలై, ఫలించి, 30వ తేదీకి గర్భాశయంలో నాటుకొన్నదనుకొందాము. ఆమె అత్తగారు ఇరవై ఎనిమిది రోజుల లెక్క వేసి, 29వ తేదీకే "నెల తప్పింది, చూసుకోవమ్మా" అన్నారు. పరీక్ష చేస్తే ఒకే గీత. నిజానికి గర్భం ఉన్నది, హార్మోను లేదు. 30వ తేదీన ఒక మిల్లీలీటరులో మూడు మిల్లీ యూనిట్లుగా మొదలైన హార్మోను రెండు రోజులకొకసారి రెట్టింపవుతూ పోతే, జూలై 6 నాటికి ఇరవై నాలుగు అవుతుంది. సాధారణ పట్టీలు చాలావరకు ఇరవై అయిదు దగ్గర స్పందిస్తాయి. అంటే ఆమెకు నిజంగా నెల తప్పిన 6వ తేదీన కూడ గీత మసకగా ఉండవచ్చు, కనబడకనూ పోవచ్చు. కలయిక జరిగి ఇరవై ఒక్క రోజులు నిండిన 9వ తేదీన మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. ఈ అంకెలు అందరిలో ఒకే తీరుగా ఉండవు గాని వరుస మాత్రం ఇదే.

"పట్టీ ఎందుకు, లక్షణాలు తెలియవా?" అని పెద్దలు అడుగుతారు. సద్యోగృహీత గర్భ లక్షణాలుగా సుశ్రుతుడు అలసట, గ్లాని, దప్పిక, తొడల నీరసం మొదలైనవి చెప్పిన మాట నిజమే. అయితే అండం విడుదలైన తరువాత పెరిగే ప్రొజెస్టిరోను వలన గర్భం లేనివారిలో కూడ అలసట, రొమ్ముల సలుపు కలుగుతాయి. వాటిని బట్టి నిర్ధారణ చేయరాదు.

నన్ను కలవరపెట్టేది ఆ ఒంటి గీత తరువాత ఇంట్లో జరిగే పనులు. "గర్భం లేదు కదా, ముట్టు ఆలస్యమైనది" అంటూ నువ్వులు, బెల్లం, పచ్చి బొప్పాయి మొదలుకొని పేరు తెలియని కషాయాల వరకు పట్టిస్తారు. మొటిమలకో, మూర్ఛకో వాడే మందులలో కొన్ని పిండానికి హాని చేసేవి. గర్భం లేదన్న ధీమాతో వాటిని కొనసాగించేవారు ఉన్నారు. గర్భం సంభవించే అవకాశమున్నవారు, ఇరవై ఒక్క రోజులు నిండి పరీక్ష తేలే వరకు, ముట్టు రప్పించే మందేదీ ఇంట్లో వేసుకోరాదు. మూర్ఛ వంటి వ్యాధులకు వాడే మందులను మాత్రం తామై ఆపక వైద్యుని అడగాలి.

నెలసరి క్రమంగా వచ్చేవారు రావలసిన తేదీ దాటిన తరువాత, క్రమం లేనివారు కలయిక జరిగి మూడు వారాలు నిండిన తరువాత చూసుకోవాలి. ఎక్కువ నీరు త్రాగితే మూత్రం పలుచనై గీత తేలిపోవచ్చు గనుక ఉదయపు తొలి మూత్రం మేలు. ఒకే గీత వచ్చి ముట్టు రాకపోతే వారం ఆగి మరల చూడాలి. త్వరగా తెలియవలసిన కారణముంటే వైద్యుడు రక్తపరీక్ష వ్రాస్తాడు. అదైనా పిండం నాటుకొనక మునుపు ఏమీ చెప్పలేదు. పొత్తికడుపులో ఒక ప్రక్క తీవ్రమైన నొప్పి, రక్తస్రావం, కళ్ళు తిరగడం కనబడితే మాత్రం పట్టీ ఏమి చూపినా ఆగక, గర్భం నాళంలో నిలిచిందేమోనని ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళాలి.